రోజూ చేసే ఫోన్ అమ్మకు నిజంగా మేలు చేస్తోందా? వారపు స్కోరు, నెలవారీ పరిశీలన ఏం చెప్పగలవు

పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో బెంగళూరులోనో స్థిరపడి, తల్లిదండ్రుల్లో ఒకరు మాత్రమే తెనాలిలోనో కరీంనగర్‌లోనో సొంత ఇంట్లో మిగిలిపోయిన కుటుంబాలు తెలుగునాట ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. అలాంటి ఇళ్లలో రోజుకొకసారి ఫోన్ చేసి బాగోగులు కనుక్కోవడం ఒక నియమంగా మారింది. పిల్లలకు వీలుపడని చోట, నెలకింత అని తీసుకుని ప్రతి ఉదయం పెద్దవాళ్లను పలకరించే సేవలు కూడా మొదలయ్యాయి. ఈ పలకరింపు వల్ల అవతలివారి మనసు నిజంగా కుదుటపడుతోందా అన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో తలెత్తదు. ఫోన్ పెట్టేశాక చేసినవారికి కలిగే ఊరటనే, అందుకున్నవారికి జరిగిన మేలుగా లెక్కవేసుకోవడం తేలిక. ఆ రెండూ వేర్వేరు సంగతులు. రెండోదాన్ని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. వారానికొక అంకె, నెలకొకసారి ఆ అంకెలను వరుసగా పెట్టి చూసే ఓపిక ఉంటే చాలావరకు తెలుస్తుంది. అయితే ఆ అంకె ఎలా పుడుతుంది, అది ఏం చెబుతుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నది అర్థం చేసుకోకపోతే లెక్క ఉండి కూడా ప్రయోజనం ఉండదు.

‘మేలు’ అంటే ఏమిటో ముందు తేలాలి

రోజువారీ ఫోన్‌కు సాధారణంగా మూడు ఉద్దేశాలు కలిసిపోయి ఉంటాయి. మొదటిది భద్రత: రాత్రి బాత్రూములో జారిపడితే ఆ సంగతి మర్నాటికల్లా ఎవరికైనా తెలియాలి. రెండోది మందులు: బీపీ మాత్ర, షుగరు మాత్ర మరిచిపోకుండా వేసుకోవాలి. మూడోది మనసు: ఒంటరితనం, దిగులు తగ్గాలి. ఈ మూడింటికీ ఒకే కొలత పనికిరాదు. భద్రత విషయంలో చూడవలసింది, ఏదైనా జరిగిన తర్వాత ఆ సంగతి తెలియడానికి ఎన్ని గంటలు పట్టిందన్నది మాత్రమే. ప్రమాదమే జరగని సంవత్సరంలో కూడా ఆ ఫోన్ తన పని తాను చేస్తున్నట్టే లెక్క. మందుల విషయంలో నెలాఖరున స్ట్రిప్పులో మిగిలిన మాత్రలు లెక్కపెడితే జవాబు దొరుకుతుంది. మనసు సంగతి అలా కంటికి కనిపించేది కాదు కాబట్టి, వారపు స్కోరు అవసరం అక్కడే వస్తుంది. ఈ వ్యాసం ఆ మూడో ఉద్దేశానికే పరిమితం.

ఈ విభజనకు ఒక ఆచరణాత్మక కారణం ఉంది. మనసు స్కోరు పెరగలేదన్న కారణంతో, భద్రత కోసం చేస్తున్న ఫోన్‌ను మానేస్తే అది పొరపాటు నిర్ణయం అవుతుంది. అలాగే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారన్న సంతృప్తితో, మనసు కూడా బాగుందని అనుకోవడమూ పొరపాటే.

ఇతరచోట్ల జరిగిన పరీక్షలో ఏం తేలింది

ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పరీక్షించినవారు ఉన్నారు. 2020లో, కోవిడ్ కాలంలో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఇంటికి భోజనం అందించే ఒక స్వచ్ఛంద సంస్థ సేవలు పొందుతున్న 240 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. వారి సగటు వయసు 69 ఏళ్లు. ఒక జట్టుకు నాలుగు వారాలపాటు ఫోన్లు వచ్చాయి, రెండో జట్టుకు రాలేదు. ఫోన్లు చేసినవారు వైద్యులో మానసిక నిపుణులో కాదు, 17 నుంచి 23 ఏళ్ల మధ్య వయసున్న యువతీయువకులు. సానుభూతితో వినడం, అవతలివారు ఎత్తిన విషయాన్నే పట్టుకుని మాట్లాడనివ్వడం ఎలాగో వారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. మొదటి ఐదు రోజులూ రోజుకొక ఫోన్ చేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేయాలో ఫోన్ అందుకునేవారే నిర్ణయించుకున్నారు, కానీ వారానికి రెండుకు తగ్గకూడదు.

ఒంటరితనాన్ని మూడు ప్రశ్నలతో కొలిచారు. ఆ కొలత 3 నుంచి 9 వరకు ఉంటుంది, ఎక్కువ వస్తే ఒంటరితనం ఎక్కువ అని అర్థం. రెండు జట్లూ 6.5 దగ్గరే మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ఫోన్లు అందుకున్న జట్టు 5.2కు దిగింది, అందుకోని జట్టు 6.3 దగ్గర ఆగింది. దిగులు, ఆందోళన కూడా మొదటి జట్టులోనే ఎక్కువగా తగ్గాయి. ఈ ఫలితం 2021లో ఒక ప్రముఖ మనోవైద్య పత్రికలో వెలువడింది.

ఇక్కడ గమనించవలసింది రెండో జట్టు ఉనికి. ఫోన్లు లేకుండానే ఆ జట్టు స్కోరు కొంచెం మెరుగుపడింది కదా. ఆ జట్టు లేకపోయి ఉంటే, 6.5 నుంచి 5.2కు వచ్చిన మార్పు మొత్తాన్నీ ఫోన్ల ఖాతాలోనే రాసేవారు. ఒక్క కుటుంబానికి అలాంటి రెండో జట్టు ఉండదు. ఒకే అమ్మకు ఒకే సమయంలో ఫోన్ చేస్తూ, చేయకుండా ఉండలేము. అందువల్ల ఇంట్లో చేసే కొలతలో ఆ అమ్మ నిన్నటి పరిస్థితే ఇవాళ్టికి పోలిక అవుతుంది. కష్టమంతా ఆ పోలికను నమ్మదగినదిగా చేసుకోవడంలోనే ఉంది.

వారపు స్కోరు ఎలా పుడుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 1998 నుంచి వాడుకలో ఉన్న ఐదు వాక్యాల కొలత ఈ పనికి అనువైనది. ఉల్లాసంగా ఉన్నాను, నిదానంగా, స్థిమితంగా ఉన్నాను, చురుగ్గా, ఓపికగా ఉన్నాను, నిద్ర లేవగానే హాయిగా అనిపించింది, రోజంతా నాకు ఆసక్తి కలిగించే పనులతో గడిచింది. ఈ భావం ఉన్న ఐదు వాక్యాలకు, ‘ఎప్పుడూ లేదు’ అంటే 0 నుంచి ‘ఎల్లప్పుడూ’ అంటే 5 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 25కు వస్తుంది. దాన్ని నాలుగుతో గుణిస్తే వందకు స్కోరు అవుతుంది. జబ్బు గురించి, దుఃఖం గురించి ఇందులో ఒక్క ప్రశ్నా లేకపోవడం పెద్దవాళ్ల విషయంలో మంచిదే. ‘దిగులుగా ఉందా’ అని అడిగితే నొచ్చుకునేవారు కూడా ‘పొద్దున్న లేవగానే హాయిగా ఉందా’ అంటే నింపాదిగా జవాబిస్తారు.

అసలు కొలత గత రెండు వారాల గురించి అడుగుతుంది. అదే ప్రశ్నను ప్రతి వారం అడిగితే ఒక చిక్కు వస్తుంది. ప్రతి వారమూ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది కాబట్టి పక్కపక్క స్కోర్లు సహజంగానే ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఏ మార్పూ లేకపోయినా ఏదో ధోరణి ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. వారానికొకసారి కొలవదలిచినప్పుడు ‘గత ఏడు రోజుల్లో’ అని మార్చి అడగడం ఇందుకే. అయితే వైద్యులు వాడే హద్దులు, అంటే 50 లేదా అంతకు తక్కువ వస్తే మరింత పరిశీలన అవసరమని, 10 పాయింట్ల మార్పును చెప్పుకోదగ్గదిగా తీసుకోవచ్చని అనేవి, రెండు వారాల ప్రశ్నకు సంబంధించినవి. ఏడు రోజుల ప్రశ్నకు వాటిని సుమారుగా మాత్రమే అన్వయించుకోవాలి.

అడిగేది ఎవరన్నది అడిగే ప్రశ్నకంటే ఎక్కువ ప్రభావం చూపుతుంది. డాలస్ నుంచి కూతురే ఫోన్లో ‘ఈ వారం సంతోషంగా ఉన్నావా అమ్మా, ఐదుకు ఎంత?’ అని అడిగితే, ‘నాకేం తల్లీ, బాగానే ఉన్నా, నా గురించి బెంగపెట్టుకోకు’ అన్న జవాబే అంకెగా మారుతుంది. పైగా రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టిన బిడ్డకు తక్కువ మార్కు చెప్పడానికి ఏ తల్లికీ మనసొప్పదు. ఫోన్లు పెరిగాక స్కోరు పెరగడానికి ఆ మొహమాటం ఒక్కటే చాలు. అందువల్ల ఆమే ఆదివారం ఉదయం, ఫోన్ రాకముందు, కాఫీ తాగాక, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఐదు అంకెలు రాసుకుని, నెలాఖరుకు గాని ఎవరికీ చూపించకపోతే ఆ కొలతకు విలువ వస్తుంది. కళ్లు సరిగా కనిపించనివారికి పొరుగింటివారు రాసిపెట్టవచ్చు గానీ, ఆ రాసేవారు మధ్యలో మారకూడదు.

ఒక కుటుంబం లెక్క: ఐదు నెలలు, ఇరవై వారాలు

ఇక ఒక ఊహాత్మక ఉదాహరణను వివరంగా చూద్దాం. తెనాలిలో ఉండే 68 ఏళ్ల తల్లి, ఫిబ్రవరిలో భర్త పోయాడు. కొడుకు హైదరాబాదులో, కూతురు డాలస్‌లో. కూతురు అప్పటివరకు ఆదివారాలు మాత్రమే ఫోన్ చేసేది. అమ్మ బాగా నీరసించిందని అన్నయ్య చెప్పగా రోజూ చేయాలనుకుంది. మొదలుపెట్టే ముందు, పాత అలవాటు ప్రకారమే సాగుతున్న జూన్ నెలలో, నాలుగు వారాల స్కోర్లు రాయించింది. ఈ ‘ముందు’ అంకెలు లేకుంటే తర్వాతి అంకెలకు అర్థమే ఉండదు. ఇళ్లలో సాధారణంగా తప్పిపోయేవి కూడా ఇవే.

రెండో వారం అంకెలు చూస్తే ఉల్లాసం 2, స్థిమితం 2, చురుకు 2, నిద్ర 1, ఆసక్తి 2. మొత్తం 9, నాలుగుతో గుణిస్తే 36. ఆ నెల నాలుగు వారాల స్కోర్లు వరుసగా 44, 36, 48, 40. స్కోరు 50 కంటే తక్కువగా ఉంది కాబట్టి ఆమెను ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన పరీక్షించి, ఇప్పుడే మందులు అవసరం లేదన్నారు. లెక్కకు ఇది ముఖ్యం. మందు, రోజువారీ ఫోన్ ఒకే వారంలో మొదలైతే దేనివల్ల ఏం జరిగిందో ఇక ఎవరూ చెప్పలేరు.

జూలైలో రోజువారీ ఫోన్ మొదలైంది. ఇక్కడి ఉదయం 7 గంటలు, అక్కడి ముందురోజు రాత్రి 8.30. ఆ నెల స్కోర్లు 52, 44, 56, 48. రెండో నెల 56, 48, 28, 52. మూడో వారంలో 28 రావడానికి కారణం వైరల్ జ్వరం. మూడో నెల 52, 56, 48, 56. కూతురు ఇంకో అంకె కూడా రాసుకుంది: నిజంగా మాట్లాడిన రోజులు. ఇరవై ఎనిమిది రోజులకు మొదటి నెల 24, రెండో నెల 26, మూడో నెల ఆఫీసు పని పెరిగి 19. ‘రోజూ’ అని చెప్పుకునేదానికీ, జరిగేదానికీ మధ్య ఉండే దూరం ఈ అంకెలో కనిపిస్తుంది.

నెలాఖరు పరిశీలనలో చూసేది ఏమిటి

ముందుగా గుర్తుంచుకోవలసింది, జూన్‌లో ఫోన్ల విషయంలో ఏ మార్పూ లేకుండానే స్కోరు ఒక వారం నుంచి మరో వారానికి 8 నుంచి 12 పాయింట్లు ఊగింది. అది ఆమె సహజమైన ఊగిసలాట. కాబట్టి జూలై మొదటి వారంలో 40 నుంచి 52కు పెరిగింది కదా అని సంబరపడటానికి ఆధారం లేదు. అంతే మార్పు జూన్‌లో రోజువారీ ఫోన్ లేకుండానే జరిగింది. ఏ ఒక్క వారాన్నీ దాని పక్క వారంతో పోల్చకుండా, నెలను నెలతో పోల్చడంలోని ఉద్దేశం ఇదే.

నెలకు ఒక ప్రతినిధి అంకె కావాలి. సగటు తీసుకోవచ్చు, లేదా నాలుగు స్కోర్లను చిన్న నుంచి పెద్దకు పేర్చి మధ్యలో ఉన్న రెండింటి నడుమ అంకెను తీసుకోవచ్చు. ఈ రెండోదాన్ని మధ్యగతం అంటారు. జ్వరం వచ్చిన నెలలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది: సగటు 46, మధ్యగతం 50. ఒక్క చెడ్డ వారం సగటును కిందికి లాగేసింది, మధ్యగతాన్ని పెద్దగా కదపలేదు. నాలుగే అంకెలున్నప్పుడు మధ్యగతం మెరుగని నా అభిప్రాయం. దానితో పాటు జ్వరం వారాన్ని కొట్టివేయకుండా పక్కన చిన్న గమనికగా రాసి ఉంచాలి. నచ్చని వారాలను ఏదో కారణం చెప్పి తీసేయడం మొదలైతే, మిగిలిన అంకెలు మనకు కావలసిన కథే చెబుతాయి.

మధ్యగతాలు ఇలా వచ్చాయి: జూన్‌లో 42, ఆ తర్వాత వరుసగా 50, 50, 54. అంటే మొదటి నెలకే 8, మూడో నెలకు 12 పాయింట్ల మెరుగుదల. దీనికి తోడు మరో పరీక్ష ఉంది. జూన్ మధ్యగతమైన 42ను ఒక అడ్డగీతగా గీసి చూస్తే, ఫోన్లు మొదలయ్యాక మొదటి ఆరు వారాల స్కోర్లూ ఆ గీతకు పైనే ఉన్నాయి. ఏ మార్పూ లేకుండా కేవలం ఊగిసలాటే అయితే, ప్రతి వారమూ గీతకు పైన పడే అవకాశం, కింద పడే అవకాశం దాదాపు సమానం. నాణేన్ని ఆరుసార్లు ఎగరేస్తే ఆరుసార్లూ బొమ్మే పడే అవకాశం 64లో ఒకటి. అందువల్ల వరుసగా ఆరు వారాలు గీతకు పైనే ఉంటే, ఏదో మారిందని అనుకోవడానికి తగిన ఆధారం ఉన్నట్టే. ఆసుపత్రుల్లో నాణ్యతను గమనించేవారు కూడా ఇలాంటి గీతలనే వాడతారు. కాకపోతే వారు గీత గీయడానికి పదికి పైగా అంకెలు తీసుకుంటారు, ఇక్కడ నాలుగే ఉన్నాయి. అసలు గీత ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ ఉండవచ్చన్న అనుమానం ఈ లెక్కతోనే ఉంటుంది.

మొత్తం స్కోరుతో పాటు ఐదు అంకెలనూ విడివిడిగా చూడటం వల్ల ఇంకో సంగతి బయటపడింది. జూలై మొదటి వారం 3, 3, 3, 1, 3. సెప్టెంబరులో 56 వచ్చిన ఒక వారం 3, 3, 3, 1, 4. మూడు నెలలైనా నిద్ర అంకె 1 దగ్గరే ఆగిపోయింది. ఫోన్ వల్ల ఏది మారిందో, ఏది మారలేదో ఇంతకంటే స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి రావడం దానికి కారణం. దాన్ని చూడవలసింది షుగరు డాక్టరు, ఎంత ప్రేమగా చేసినా ఆ పని ఫోన్ చేయలేదు.

ఏదో మారింది సరే, మార్చింది ఫోనేనా?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మొదటి అనుమానం, అట్టడుగు నుంచి మొదలుపెట్టడం. అమ్మ బాగా నీరసించిందని తెలిశాకే కూతురు కొలవడం మొదలుపెట్టింది. ఊగిసలాడే ఏ కొలతనైనా అది బాగా కిందికి దిగినప్పుడు పట్టుకుంటే, ఏం చేసినా చేయకపోయినా తర్వాతి కొలత సాధారణంగా కాస్త పైనే ఉంటుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులను పోలుస్తూ ఈ ధర్మాన్ని వివరించాడు: బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వారికంటే కొంచెం తక్కువ ఎత్తు ఉంటారు, బాగా పొట్టివారి పిల్లలు కొంచెం ఎక్కువ ఎత్తు ఉంటారు. దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. రోజువారీ పలకరింపు సేవల ప్రకటనల్లో ‘చేరిన నెలలోనే మార్పు’ అని చెప్పే అంకెల్లో ఎంత భాగం దీనివల్ల వచ్చిందో, పోలిక జట్టు లేకుండా ఎవరూ తేల్చలేరు. ఈ కుటుంబం ఒక్క రోజు అంకెతో కాకుండా నాలుగు వారాల మధ్యగతంతో మొదలుపెట్టడం వల్ల ఈ దోషం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

రెండో అనుమానం, కాలమే మాన్పడం. భర్త పోయిన నాలుగో నెలకూ ఎనిమిదో నెలకూ మధ్య చాలామందిలో దుఃఖం తనంతట తానే కొంత నెమ్మదిస్తుంది. అలా అయితే స్కోరు కొద్దికొద్దిగా, ఏటవాలుగా పెరగాలి, ఆ పెరుగుదల జూన్‌లోనే కనిపించాలి. జూన్ స్కోర్లలో అలాంటి వాలు లేదు. ఫోన్లు మొదలైన నెలలో ఒక మెట్టు ఎక్కినట్టు 8 పాయింట్లు పెరిగి, ఆ తర్వాత దాదాపు సమతలంగా సాగింది. మెట్టు ఆకారం ఫోన్ వైపు మొగ్గుతుంది. కానీ నాలుగేసి అంకెలతో మెట్టును, వాలును ఖచ్చితంగా వేరు చేయడం కష్టమే.

మూడోది క్యాలెండర్. తండ్రికి ప్రతి నెలా తిథి ప్రకారం మాసికం పెట్టడానికి కొడుకు హైదరాబాదు నుంచి వస్తున్నాడు. కొడుకు రాక సంతోషమే అయినా, ఆ వారమంతా ఇంట్లో తండ్రి జ్ఞాపకాలే. జూన్, జూలైలలో తక్కువ స్కోరు రెండో వారంలోనే వచ్చింది, ఆగస్టులో జ్వరం వారాన్ని పక్కన పెడితే అప్పుడూ రెండో వారమే. సెప్టెంబరులో అది మూడో వారానికి జరిగింది. చాంద్రమాసం దాదాపు 29.5 రోజులు, లెక్క కోసం తీసుకున్న నెల 28 రోజులు. తిథి ప్రతిసారీ రోజున్నర చొప్పున ముందుకు జరుగుతూ చివరికి పక్క వారంలో పడింది. ప్రతి నాలుగు వారాల్లోనూ ఒక మాసికం వారం ఉంది కాబట్టి నెలను నెలతో పోల్చడంలో ఇబ్బంది రాలేదు. ఒక వారాన్ని మరో వారంతో పోల్చి ఉంటే, మాసికం తెచ్చిన దిగులును ఫోన్ వైఫల్యంగా, ఆ మరుసటి వారపు తేరుకోవడాన్ని ఫోన్ విజయంగా చదువుకునేవారు. ఇక జూన్ ఎండలు పోయి జూలైలో వానలు పడి చల్లబడటం కూడా ఒక కారణం కావచ్చన్న వాదన ఉంది. వాతావరణమే కారణమైతే ముందుగా నిద్ర మెరుగుపడాలి, అది కదల్లేదు.

‘రోజూ’ అన్నదాన్ని విడిగా పరీక్షించడం

ఇంతవరకు వచ్చిన అంకెల్లో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా కనిపించేది, ఫోన్లు 26 నుంచి 19కి తగ్గిన మూడో నెలలోనే స్కోరు అత్యధికంగా ఉండటం. ఫోన్ మేలు చేస్తోందన్నది ఒక ప్రశ్న. అది రోజూ జరగడం వల్లనే మేలు చేస్తోందన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ విడదీయడానికి ఉన్న దారి, ఒక నెలపాటు మోతాదును తెలిసి తగ్గించి చూడటమే. ఒకే మనిషి మీద ఒక పద్ధతిని అమలుచేసి, మార్చి, మళ్లీ చూసే ఇలాంటి పరీక్షలు వైద్యంలోనూ ఉన్నాయి. వందలమంది సగటు కంటే తన ముందున్న రోగికి ఏది పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునే వైద్యులు వాటిని వాడతారు.

నాలుగో నెలలో కూతురు అమ్మతో చెప్పే, వారానికి మూడుసార్లు మాత్రమే చేసింది: మంగళ, గురు, ఆదివారాలు. నెలకు 12 ఫోన్లు. వ్యవధి మాత్రం పెరిగింది. రోజూ చేసినప్పుడు ‘తిన్నావా, మాత్రలు వేసుకున్నావా, పనమ్మాయి వచ్చిందా’ అన్న మూడు ప్రశ్నలతో ముగిసే మాటలు, ఇప్పుడు అమ్మ మొదలుపెట్టిన కబుర్ల వెంట సాగాయి. ఆ నెల స్కోర్లు 56, 52, 48, 52, మధ్యగతం 52. అంతకుముందు నెల 54. రెండు పాయింట్ల తేడా ఆమె సహజమైన ఊగిసలాటలో కలిసిపోయేంత చిన్నది.

దీన్ని ‘రోజూ ఫోన్ అనవసరం’ అని చదవడం తొందరపాటు. మూడు నెలలు కుదుటపడిన మనసు, నాలుగో నెలలో ఫోన్లు తగ్గినా వెంటనే జారిపోకపోవచ్చు. ముందు కాలపు ప్రభావం తర్వాతి కాలంలోకి పాకడం ఈ రకమైన పరీక్షలన్నిటికీ ఉన్న బలహీనత. పైగా ఫోన్ల సంఖ్య తగ్గినప్పుడే మాటల తీరు కూడా మారింది, కాబట్టి ఒకటి చేసిన నష్టాన్ని రెండోది పూడ్చి ఉండవచ్చు. ఏడాది సూతకం వల్ల పండుగ చేసుకోకపోయినా దసరా సెలవులకు మనవలు వచ్చి వెళ్లారు, తగ్గవలసిన స్కోరును ఆ సందడి నిలబెట్టి ఉండవచ్చు. ఇన్ని అనుమానాల మధ్య ఈ అంకెలు సమర్థించేది ఒక్క మాటనే: వారానికి మూడు నిండైన సంభాషణలు, రోజువారీ చిన్న పలకరింపు కంటే తక్కువ చేశాయనడానికి ఈ నాలుగు వారాల్లో ఆధారం దొరకలేదు. టెక్సస్ పరీక్షలో ఫోన్ల సంఖ్యను అందుకునేవారి ఇష్టానికే వదిలేసినా, మాట్లాడే తీరు విషయంలో మాత్రం శిక్షణ ఇచ్చిన సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది.

కొలవడంపై ఉన్న అభ్యంతరాలు

తల్లి మనసుకు మార్కులేమిటని నొచ్చుకునేవారు ఉన్నారు, వారి బాధ తీసిపారేయదగ్గది కాదు. కొలత ఉందని తెలిస్తే ప్రవర్తన మారుతుంది. కూతురి దృష్టి అమ్మ మాటల మీద కాక స్కోరు మీద పడితే, ఆ ఫోన్ తనిఖీగా మారిపోతుంది. ప్రతి ఆదివారం తన మనసును తాను తూచుకోవడం వల్ల మరింత కుంగే మనుషులూ ఉంటారు. అటువంటివారికి ఈ పద్ధతి పనికిరాదు. మరోవైపు ఆదివారం పొద్దున్న రెండు నిమిషాలు ఆగి తన వారం ఎలా గడిచిందో ఆలోచించుకోవడమే కొందరికి మేలు చేస్తుంది. అప్పుడు ఆ మేలులో కొలతదెంత, ఫోన్‌దెంత అన్నది విడదీయలేము.

కొలవాలనేవారి వాదన కూడా బలమైనదే. కొలత లేనిచోట, ఫోన్ చేస్తున్నవారి మనశ్శాంతే కొలతగా మారుతుంది. పైన చూసిన లెక్కలో క్యాలెండర్ గడుల్లోని అంకెలు లేకపోతే నిద్ర సమస్య బయటపడేది కాదు. రోజూ మాట్లాడుతూనే ఉన్నా, ‘బాగానే పడుకున్నా’ అన్న మాట వెనక అది దాగిపోయింది. నా మొగ్గు ఈ వైపే. అయితే ఇది ఆరేడు నెలలు సాగి, ప్రశ్నకు జవాబు వచ్చాక ఆపవలసిన పని, జీవితాంతం నడపవలసిన ఖాతా కాదు.

ఖాళీ గడి, మరీ తక్కువ అంకె

రాయని వారాలు కూడా సమాచారమే. దిగులు ఎక్కువైన వారంలోనే క్యాలెండర్ దగ్గరికి వెళ్లబుద్ధి కాకపోవచ్చు. అలా చెడ్డ వారాలన్నీ ఖాళీగా మిగిలిపోతే, ఉన్న అంకెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. నాలుగింట మూడైనా లేని నెలకు మధ్యగతం తీయకుండా వదిలేసి, ఎందుకు రాయలేదో తెలుసుకోవడం ఆ నెలకు సరైన పరిశీలన.

నెలాఖరు కోసం ఆగకూడని సందర్భం ఒకటుంది. జ్వరం లాంటి కారణం లేకుండా స్కోరు 28 లేదా అంతకు తక్కువకు పడి, మరుసటి వారం కూడా అక్కడే ఉంటే, లేదా బతుకు మీద విరక్తి మాటల్లో వినిపిస్తే, అది ధోరణిని గమనిస్తూ కూర్చునే సమయం కాదు. అప్పుడు కావలసింది వైద్యుడు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సహాయవాణి 14416 తెలుగులోనూ పలుకుతుంది.

ఈ కుటుంబం లెక్క మాత్రం ఇంకా మిగిలే ఉంది. ముందు కాలపు ప్రభావం అనే అనుమానం తీరాలంటే, వారానికి మూడు ఫోన్ల పద్ధతిని కనీసం మరో నాలుగు వారాలు కొనసాగించి, స్కోరు జూన్‌లోని 42 వైపు జారుతోందో లేదో చూడాలి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిరుగుతాయి. తెనాలిలో ఉదయం 7 గంటలంటే డాలస్‌లో ఇక రాత్రి 7.30, కూతురు ఆఫీసు నుంచి వచ్చి వంట చేసుకునే వేళ. ఫోన్ సమయాన్ని మార్చుకుంటే లెక్కలోకి ఇంకో మార్పు చేరుతుంది. మార్చకుంటే మాటల నిడివి తగ్గవచ్చు. రెండింటిలో ఏది చేసినా క్యాలెండర్లో ఆ ఆదివారం గడి పక్కన ఒక గమనిక రాసి ఉంచితే, నెలాఖరున అంకె కదిలినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.